పెళ్లి వీడియోకి ఎన్ని కరెక్షన్లు?

గుంటూరు, విజయవాడ, వరంగల్ లాంటి ఊళ్లలో ఇంట్లోనే ఒక గదిలో కంప్యూటర్ పెట్టుకుని పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఊళ్లలో ఈ పనిని ఇప్పటికీ మిక్సింగ్ అనే అంటారు. వాళ్లలో ఎవరిని కదిపినా ఎడిటింగ్ కష్టం గురించి చెప్పేది తక్కువ, కరెక్షన్ల గురించి చెప్పేది ఎక్కువ. వారంలో కట్ చేసిన వీడియోకి మార్పులు నెలన్నర సాగుతాయి. చివరికి ఆ పని మీద గంటకు ఎంత మిగిలిందో లెక్క వేసుకుంటే కూలి కూడా గిట్టదు. చేతిలో పనితనం ఉన్నవాళ్లు ఈ ఒక్క కారణంతో రంగం వదిలిపోతుంటే బాధగా ఉంటుంది. దీన్ని ఆపడం చేతకాని విషయమేం కాదు. పని మొదలవకముందే మూడు సంగతులు తేల్చుకోవాలి: మార్పులు ఎన్ని విడతల్లో చెప్పాలి, చూడ్డానికి ఇచ్చే ఫైలు ఏది, చివర ఇచ్చే ఫైళ్లు ఏవి, అవి ఎలా చేరతాయి.

ఒక పెళ్లిని తీసుకుని చూద్దాం. పెళ్లికూతురి తండ్రి గుంటూరులో ఉంటారు. పెళ్లికొడుకు తల్లిదండ్రులు హైదరాబాద్‌లో. పెళ్లయిన పదిహేను రోజులకే దంపతులు డాలస్ వెళ్లిపోయారు. ఎడిటర్ చేయాల్సింది నాలుగున్నర నిమిషాల హైలైట్స్ వీడియో, మూడు గంటల పూర్తి వీడియో. హైలైట్స్ పూర్తవగానే ఆ లింకు పెళ్లివారి వాట్సాప్ గ్రూపులో పడింది.

ఆ సాయంత్రమే పెళ్లికూతురి తండ్రి వాయిస్ మెసేజ్: "బాబూ, బాగుంది. మా పెద్దక్కయ్య అలా కనిపించి ఇలా మాయమైపోయింది, ఇంకాసేపు ఉంచు." ఎడిటర్ మార్చి పంపాడు. రాత్రి డాలస్‌లో తెల్లవారాక పెళ్లికొడుకు: "అన్నా, పెద్దవాళ్ల షాట్లు కొంచెం తగ్గిస్తే ఫ్లో బాగుంటుంది." మళ్లీ మార్చాడు. మర్నాడు హైదరాబాద్ నుంచి మేనత్తగారు టైటిల్‌లో ఇంటిపేరు తప్పు పడిందన్నారు. మూడో రోజు పెళ్లికూతురు మొత్తానికి వేరే పాట పెట్టమంది. ఎవరి కోరికలోనూ తప్పు లేదు. తమ ఇంటి పెళ్లి వీడియో గురించి అడిగే హక్కు వాళ్లకుంది. తప్పల్లా అవి వచ్చిన తీరులో ఉంది.

ఒక చిన్న మార్పుకు నిజంగా ఎంత సమయం పడుతుందో చూస్తే ఇది అర్థమవుతుంది. టైటిల్‌లో ఒక అక్షరం సరిచేయడానికి రెండు నిమిషాలు చాలు. కానీ ఆ తర్వాత వీడియోని మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి, మొదటి నుంచి చివరిదాకా చూడాలి, అప్‌లోడ్ చేయాలి, లింకు పనిచేస్తోందో లేదో చూసి పంపాలి. నాలుగున్నర నిమిషాల వీడియోకే ఇదంతా కలిపి అరగంట. పది చిన్న మార్పులు పది రోజుల్లో పది మెసేజ్‌లుగా వస్తే ఐదు గంటలు పోతాయి. అవే పదీ ఒక్క కాగితం మీద వస్తే గంటలోపు తెమిలిపోతాయి. కాబట్టి విడత అంటే ఇన్ని మార్పులని సంఖ్య పెట్టడం దండగ. ఒక వెర్షన్ మీద, అందరి మాటా కలిపి, ఒక మనిషి ఇచ్చే ఒకే జాబితాను విడత అనాలి. అందులో మూడు మార్పులున్నా ముప్పై ఉన్నా అది ఒక విడతే. ఒప్పందంలో "రెండు కరెక్షన్లు ఫ్రీ" అని మాత్రమే రాసుకున్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఒక కరెక్షన్ అంటే ఒక మార్పా, ఒక జాబితానా అన్న వాదన మొదలవుతుంది.

ఆ ఒక మనిషి ఎవరన్నది అడ్వాన్స్ తీసుకునే రోజే తేలాలి. మన ఇళ్లలో ఇది నాజూకైన విషయం. డబ్బిచ్చేది తండ్రి, చూసి ముచ్చటపడేది దంపతులు, అలిగేది బంధువులు. పెళ్లికూతురి అన్నయ్యో తమ్ముడో ఉంటే వాళ్లే సరైన మనిషి, ఎందుకంటే అటు తండ్రికీ ఇటు డాలస్‌కీ ఫోన్ చేసి తేల్చగలరు. పెద్దక్కయ్య షాట్ పెంచాలా తగ్గించాలా అన్నది ఇంటివాళ్లు తేల్చుకోవలసిన మాట. అందులో ఎడిటర్ తీర్పు చెప్పబోతే రెండువైపులా చెడ్డవాడవుతాడు.

ఇక రెండో సంగతి. మార్పులన్నీ ఒకే లోతువి కావు. పెద్దక్కయ్య షాట్ రెండు సెకన్లు పెంచితే ఆ చుట్టుపక్కల మూడు నాలుగు షాట్లు సర్దితే సరిపోతుంది. పాట మారిస్తే మాత్రం అది కొత్త ఎడిటింగే. హైలైట్స్‌లో షాట్ మారేది పాట తాళం మీద. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం పల్లవి ఎత్తుకునే చోట పడాలని, మంగళసూత్రం కట్టేటప్పుడు వాయిద్యాలు పైకి లేవాలని ఎడిటర్ లెక్క చూసుకుని పేరుస్తాడు. స్లోమోషన్ వేగాలు కూడా ఆ పాటకు కుదిర్చినవే. పాట తీసేస్తే ఆ కట్లన్నీ అనాథలవుతాయి. రంగులు దిద్దడం, మాటల శబ్దం సర్దడం అప్పటికే అయిపోయి ఉంటే ఆ శ్రమలో కూడా చాలావరకు మళ్లీ చేయాలి.

సినిమావాళ్లు ఈ చిక్కుని ఎప్పుడో గుర్తించి పిక్చర్ లాక్ అనే పద్ధతి పెట్టుకున్నారు. ఏ షాట్ తర్వాత ఏ షాట్, ఏది ఎంతసేపు అన్నది ఖరారయ్యాక ఎడిట్‌కి తాళం వేస్తారు. రీరికార్డింగ్, మిక్సింగ్, కలర్ గ్రేడింగ్ ఆ తాళం పడ్డాకే పూర్తి చేస్తారు. పెళ్లి వీడియోకి ఇదే పద్ధతి చిన్న ఎత్తున సరిపోతుంది. కట్ చేయకముందే పాట ఖరారు చేయించుకోవాలి. దాంతోపాటు వీడియోలో తప్పకుండా కనిపించాల్సిన పదిమంది పేర్లు, ఫొటోలు అడగాలి. పెద్దక్కయ్య ఎవరో ఎడిటర్‌కి ముఖం చూస్తే తెలియదు కదా. మొదటి విడతలో కట్ మాత్రమే చూపించాలి: వరస, నిడివి, ఎవరు ఉన్నారు, ఎవరు లేరు. రంగులు ఇంకా దిద్దలేదని ముందే చెప్పాలి. ఆ జాబితా తీర్చాక తాళం. రెండో విడతలో రంగులు, శబ్దం, అక్షరాలు. రెండో విడతలో ఎవరైనా వరస మార్చమంటే తాళం తీయాల్సి వస్తుంది కాబట్టి అది అదనపు పని.

పేర్ల గురించి ఒక మాట. టైటిల్‌లో తెలుగు అక్షరాలు తప్పుపడటానికి రెండు కారణాలుంటాయి. ఒకటి, పేరు ఫోన్‌లో విని రాసుకోవడం. శుభలేఖ ఫొటో తీసి పంపమంటే ఇది పోతుంది. రెండోది సాఫ్ట్‌వేర్ చేసేది. ప్రీమియర్ ప్రో ప్రిఫరెన్సెస్‌లోని గ్రాఫిక్స్ విభాగంలో టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్ రకానికి మార్చకపోతే వత్తులు విడిపోతాయి, గుణింతాలు పక్కకు జరుగుతాయి. కొత్తవాళ్లు ఫాంట్ తప్పనుకుని నాలుగు ఫాంట్లు మార్చి చూస్తారు. సెట్టింగ్ మార్చాక కొత్త ప్రాజెక్టులో ఒకసారి "లక్ష్మీ", "స్వాతి", "కృష్ణ" లాంటి పేర్లు టైప్ చేసి చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

ఈ ఏర్పాటంతా పది పేజీల ఒప్పందంగా రాస్తే ఎవరూ చదవరు. అడ్వాన్స్ తీసుకున్న రోజు పంపే ఒక్క వాట్సాప్ సందేశం చాలు. మన పెళ్లికి అది ఇలా ఉంటుంది:

"నమస్కారం సర్. హైలైట్స్ నాలుగున్నర నిమిషాలు, పూర్తి వీడియో సుమారు మూడు గంటలు. పాట ఖరారు చేశాకే కటింగ్ మొదలుపెడతాను. మార్పులు రెండు విడతలు. ఒక్కో విడతకు మీ అబ్బాయిగారు అందరినీ అడిగి ఒకే జాబితా పంపాలి. లింకు పంపిన ఏడు రోజుల్లోపు జాబితా రావాలి. నా వల్ల జరిగిన తప్పులు ఎప్పుడైనా ఉచితంగా సరిచేస్తాను, అవి విడతల్లోకి రావు. మూడో విడత కావాలంటే ఇంత. కట్ ఓకే అయ్యాక పాట మార్చాలంటే ఇంత. మిగతా డబ్బు అందాక ఫైనల్ ఫైళ్లు ఇస్తాను. సరే అంటే 'ఓకే' అని పెట్టండి."

'ఇంత' అన్న చోట్ల అంకెలు తప్పకుండా ఉండాలి. హైలైట్స్‌కి పదిహేను వేలు మాట్లాడుకుంటే అదనపు విడతకు పదిహేను వందలు, పాట మార్పుకు ఐదు వేలు అనుకోవచ్చు. అంకె లేకపోతే అడగాల్సి వచ్చినప్పుడు మొహమాటం అడ్డొస్తుంది. ఇక నా వల్ల జరిగిన తప్పులు అన్న వాక్యం నా దృష్టిలో ఈ సందేశానికంతటికీ ప్రాణం. శుభలేఖలో ఒకలా ఉండి టైటిల్‌లో ఇంకోలా పడితే అది ఎడిటర్ తప్పు. రెండు షాట్ల మధ్య ఒక్క ఫ్రేము నల్లగా మెరిస్తే అదీ ఎడిటర్ తప్పే. వాటిని విడతల్లో లెక్కేస్తే కుటుంబానికి కోపం రావడం న్యాయం. ఏడు రోజుల గడువు డాలస్‌ని దృష్టిలో పెట్టుకున్నది. మనకూ అక్కడికీ పదకొండు గంటలకు అటూ ఇటూగా తేడా. అందరూ కలిసి మాట్లాడుకోవడానికి కనీసం ఒక శని, ఆదివారం చేతిలో ఉండాలి.

జాబితా ఇమ్మంటే ఎలా ఇవ్వాలో కూడా చూపాలి. "రెండో పాట దగ్గర" అంటే ఎడిటర్ వెతుక్కోవాలి. "1:42, పెద్దక్కయ్య అక్షింతలు వేసే షాట్, ఇంకో రెండు సెకన్లు" అంటే నేరుగా అక్కడికి వెళ్తాడు. ఇందుకోసం చూడటానికిచ్చే కాపీ మీద మూలన సమయం కనిపించేలా వేయాలి. ప్రీమియర్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు టైమ్‌కోడ్ ఓవర్‌లే అని ఉంటుంది, డావిన్చీ రిజాల్వ్‌లో డేటా బర్న్-ఇన్ అంటారు. రిజాల్వ్‌లో మాత్రం టైమ్‌లైన్ మామూలుగా ఒంటి గంట నుంచి మొదలవుతుంది. అలాగే వదిలేస్తే తెర మీద 01:01:42:10 అని పడి, నాలుగు నిమిషాల వీడియోలో గంట ఎక్కడిదని ఇంటివాళ్లు కంగారుపడతారు. మొదలు సున్నాకి మార్చుకుంటే సరి. చివరి రెండంకెలు ఫ్రేములు. సెకనుకు ఇరవై ఐదు ఫ్రేముల వీడియోలో అవి 00 నుంచి 24 దాకా నడుస్తాయి. ఇంటివాళ్లు వాటిని రాయనక్కర్లేదు, నిమిషం, సెకను చాలు.

ఫ్రేమ్ డాట్ ఐఓ లాంటి సేవలు ఈ పనికోసమే పుట్టాయి. వీడియో ఆపిన చోట వ్యాఖ్య రాస్తే అది ఆ ఫ్రేముకే అతుక్కుంటుంది. ఎడిటర్ తన టైమ్‌లైన్ మీద గుర్తులుగా చూడొచ్చు. ఆ సంస్థని 2021లో అడోబీ కొనుక్కుంది. ప్రకటన సంస్థలతో, యూట్యూబ్ చానళ్లతో పనిచేసేవాళ్లకు ఇది చాలా బాగుంటుంది. గుంటూరు తండ్రిగారికి కొత్త తెర నేర్పే బదులు, ఆయన అబ్బాయి సమయాలు రాసి పంపే వాట్సాప్ జాబితానే నేను ఎంచుకుంటాను.

ఇప్పుడు ఫైళ్ల దగ్గరికి వద్దాం. లెక్క ఒకటి తెలిస్తే మిగతాదంతా సులువు. వీడియో ఫైలు బరువుని నిర్ణయించేది బిట్‌రేట్, అంటే ఒక్కో సెకనుకు ఎంత సమాచారం వాడుతున్నామన్నది. ఎనిమిది ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఒక మెగాబైట్. నాలుగున్నర నిమిషాలంటే 270 సెకన్లు, కాబట్టి 270 ఎంబీ. మూడు గంటలంటే 10,800 సెకన్లు, దాదాపు 11 జీబీ. ఇంకే బిట్‌రేట్‌కైనా దీన్నిబట్టే పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

చూడ్డానికిచ్చే కాపీ తేలిగ్గా ఉండాలి: ఎంపీ4 ఫైలు, హెచ్.264 కోడెక్, 720పీ, ఐదు ఎంబీపీఎస్. హైలైట్స్ 170 ఎంబీలో వస్తుంది. ఏ ఫోన్‌లోనైనా ఆడుతుంది. మరీ తగ్గిస్తే మాత్రం తలంబ్రాల దగ్గర దొరికిపోతాం. హెచ్.264 ప్రతి ఫ్రేమునీ మొత్తంగా దాచదు. ముందు ఫ్రేముకీ దీనికీ తేడా ఏమిటో రాసుకుంటుంది. పెళ్లికూతురు తల వంచుకుని కూర్చున్న షాట్‌లో మారేది తక్కువ కాబట్టి కొద్ది సమాచారంతో పని జరిగిపోతుంది. తలంబ్రాలు పోసేటప్పుడు వేల గింజలు ఒక్కోటి ఒక్కో దారిన పడతాయి, ప్రతి ఫ్రేములో అన్నీ మారిపోతాయి. ఉన్న బిట్‌రేట్ చాలక బొమ్మ గడులు గడులుగా విరుగుతుంది. రిసెప్షన్‌లో రంగు కాగితాలు ఎగిరే షాట్‌కీ ఇదే జరుగుతుంది. "తలంబ్రాల దగ్గర బ్లర్ అయింది" అని జాబితాలో వస్తే ఎడిట్‌ని అనుమానించకముందు కాపీని అనుమానించాలి. అసలు టైమ్‌లైన్‌లో అదే చోట శుభ్రంగా ఉంటే ఆ మాట వాళ్లకు చెప్పి ఊరుకోవచ్చు.

ఈ కాపీని వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపకూడదు. వాట్సాప్ దాన్ని మళ్లీ కుదిస్తుంది, మనం చూసుకున్న నాణ్యత అవతలికి చేరదు. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది, 2 జీబీ దాకా పడుతుంది. గూగుల్ డ్రైవ్ లింకైతే ఇంకో జాగ్రత్త కావాలి. అప్‌లోడ్ అయిన వెంటనే డ్రైవ్ ఆ వీడియోని తనలో తాను తయారుచేసుకుంటుంది. అది పూర్తయ్యేదాకా తక్కువ నాణ్యతలోనే ఆడుతుంది. అప్పుడే లింకు పంపితే మొదటి మాటే "క్లారిటీ లేదు" అని వస్తుంది. కాసేపాగి, మనమే ఆడించి చూసి, అప్పుడు పంపాలి. తెర మీద మధ్యలో పల్చగా "రివ్యూ కాపీ" అని ఉంటే అదే స్టేటస్‌లోకి ఎక్కిపోకుండా ఉంటుంది.

ఫైలు పేరులో వెర్షన్ నంబరు ఉండాలి: `HL_v01_review.mp4`, తర్వాతది `HL_v02_review.mp4`. ఫైనల్ అన్న మాట ఆఖరి ఫైలుకి తప్ప దేనికీ వాడకూడదు. డ్రైవ్‌లో పాత ఫైలు మీదే కొత్త వెర్షన్ ఎక్కించి అదే లింకు ఉంచే వీలుంది. అది సదుపాయంలాగే కనిపిస్తుంది గానీ విడతల పనికి మంచిది కాదు. హైదరాబాద్ వాళ్లు సోమవారం చూసిందీ డాలస్ వాళ్లు బుధవారం చూసిందీ వేరువేరు వీడియోలైపోతాయి, పేరు మాత్రం ఒకటే. జాబితాలోని 1:42 ఏ వీడియోలోదో ఎవరికీ తెలియదు.

చివర ఇచ్చే ఫైళ్లను ఎక్కడ ఆడిస్తారన్నదాన్ని బట్టి నిర్ణయించాలి. యూట్యూబ్‌లో పెట్టుకోవడానికీ దాచుకోవడానికీ హైలైట్స్ 4కే కాపీ ఒకటి, నలభై ఎంబీపీఎస్‌లో. ఇది 1.35 జీబీ. మామూలు వేగమున్న 4కే వీడియోకి యూట్యూబ్ సూచించే 35 నుంచి 45 ఎంబీపీఎస్ మధ్యలోనే ఉంది. సినిమా పాట వాడితే అక్కడ కాపీరైట్ క్లెయిమ్ రావచ్చని పాట ఖరారు చేసిన రోజే చెప్పి ఉండాలి. లేకపోతే అదే మూడో విడత అవుతుంది. కొందరు ఎడిటర్లు గొప్ప నాణ్యత అని ప్రోరెస్ ఫైలు ఇస్తారు. స్టూడియోకి, కలరిస్ట్‌కి ఇచ్చేటప్పుడు అది సరైనదే. ఇంటివాళ్లకిస్తే టీవీలో ఆడదు, ఫైలు పాడైందని ఫోన్ వస్తుంది. హెచ్.265 ఫైలు సైజు బాగా తగ్గిస్తుంది గానీ పాత టీవీల్లో, పాత కంప్యూటర్లలో ఆగి ఆగి నడుస్తుంది. ఇంటివాళ్లకు హెచ్.264 మించిన భద్రత లేదు.

పూర్తి వీడియోని ఎక్కువమంది పెన్‌డ్రైవ్ టీవీకి గుచ్చి చూస్తారు. చాలా పాత టీవీలు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌నే చదువుతాయి. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీ మించకూడదు. మన 11 జీబీ ఫైలు అందులోకి కాపీయే కాదు, పెన్‌డ్రైవ్‌లో జాగా ఉన్నా పట్టదంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే కాపీ అవుతుంది గానీ టీవీ చదవకపోవచ్చు. అందుకే పూర్తి వీడియోని 1080పీలో, ఎనిమిది ఎంబీపీఎస్‌లో, ఒక్కో భాగం గంట దాటకుండా విడగొట్టాలి: స్నాతకం నుంచి గౌరీపూజ దాకా, జీలకర్ర-బెల్లం నుంచి అప్పగింతల దాకా, తర్వాత రిసెప్షన్. తంతు మధ్యలో కోసేయకూడదు. అమ్మమ్మ మాంగల్యధారణ చూడాలనుకున్నప్పుడు మూడు గంటలు వెతకాల్సిన పని కూడా తప్పుతుంది.

డాలస్‌కి ఇవన్నీ డ్రైవ్ ద్వారానే వెళ్తాయి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కీ ఫొటోలకీ కలిపి ఉన్నది. ఒక్క పెళ్లి ఫైళ్లతోనే అది నిండుతుంది. క్రమంగా పనులున్న ఎడిటర్ నెలవారీ ప్లాను తీసుకుని దాన్ని పని ఖర్చుల్లో వేసుకోవాలి. లింకు పంపేముందు బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి, ఏ ఖాతాలోకీ లాగిన్ కాకుండా ఆ లింకు తీసి చూడాలి. లింకున్న వాళ్లెవరైనా చూసేలా అనుమతి పెట్టకపోతే ఇక్కడే బయటపడుతుంది. లేదంటే అర్ధరాత్రి డాలస్ నుంచి అనుమతి అడుగుతూ మెయిల్ వస్తుంది. మొత్తం ఫోల్డరు ఒకేసారి డౌన్‌లోడ్ చేస్తే డ్రైవ్ దాన్ని జిప్ ముక్కలుగా ఇస్తుంది. ఒక ముక్క దిగకపోయినా తెలియదు. ఫైళ్లు ఒక్కోటి విడిగా దించుకోమని, ఒక్కో ఫైలు పక్కన దాని సైజు రాసి పంపాలి. అటువైపు దిగిన ఫైలు సైజు దాంతో సరిపోతే పని అయినట్టే. పెద్ద ఫైళ్లకు వైరస్ పరీక్ష చేయలేమని డ్రైవ్ హెచ్చరిక చూపిస్తుంది. అది ఫైలు పెద్దదైనందువల్లే వస్తుందని కూడా ఆ సందేశంలోనే రాస్తే ఒక ఫోన్ తగ్గుతుంది.

ఆ సందేశంలో తేదీ ఒకటి ఉండాలి. లింకు ముప్పై రోజులు ఉంటుందని, ఈలోగా దించుకుని రెండు చోట్ల దాచుకోమని, అన్నీ అందాక "అందాయి" అని రాయమని. ఆ జవాబు వచ్చాక ప్రాజెక్టు ఫైలు, టైటిళ్లు, ఫైనల్ కాపీలు ఒక హార్డ్‌డిస్క్‌లోకి వెళ్లాలి. షూటింగ్ ఫుటేజ్ స్టూడియోది కాబట్టి దాన్ని స్టూడియోకి తిరిగి ఇచ్చేయాలి. ఆరు నెలల తర్వాత మొదటి పెళ్లిరోజుకని హైలైట్స్‌లో చిన్న మార్పు అడిగితే ఆ డిస్క్ తీసి, స్టూడియో నుంచి ఫుటేజ్ తెప్పించి, దాన్ని కొత్త పనిగా ధర చెప్పి మొదలుపెట్టడమే.